గ్రూమింగ్ రేటు: కుక్క సైజు ఒక్కటే చూస్తే ఎందుకు చాలదు

ప్రశ్న: "గ్రూమింగ్ మొదలుపెట్టి కొన్ని నెలలైంది. చిన్న, మధ్య, పెద్ద అని మూడు రేట్లు పెట్టాను. జడలు కట్టిన షిట్జూ వస్తే మూడు గంటలు పడుతోంది, ఓనర్ మాత్రం 'చిన్న కుక్కే కదా' అంటున్నారు. కరవడానికి వచ్చేవాటికి ఎక్స్‌ట్రా తీసుకోవచ్చా? ఎంత, ఎలా అడగాలి?"

తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. కానీ మీ మూడు రేట్లకు పైన ఒక 'ఎక్స్‌ట్రా' తగిలిస్తే సమస్య తీరదు. ముందు మీ టేబుల్ గంట రేటు ఎంతో తేల్చుకోండి. సైజు, బొచ్చు రకం బట్టి ఆ కుక్కకు మామూలుగా ఎంత సమయం పడుతుందో దానికి అయ్యేదే బేస్ రేటు. దానిపైన పట్టే సమయాన్ని 15 నిమిషాల బ్లాకులుగా లెక్కగట్టండి, అది జడల వల్ల అయినా, కుక్క కుదురుగా నిలబడకపోవడం వల్ల అయినా. ఆ అంచనా మాత్రం పని మొదలయ్యే ముందే, ఓనర్ ఎదురుగా దువ్వెన పెట్టి చూపించి చెప్పాలి. పని అయ్యాక చెప్పిన ఎక్స్‌ట్రా ఎంత న్యాయమైనదైనా గొడవే అవుతుంది.

నేను చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఇప్పుడు నా దగ్గర సహాయకులు కూడా ఉన్నారు. నేను లెక్క ఎలా వేస్తానో చెప్తాను. డబ్బు ఊరికో రకం, దేశానికో రకం కాబట్టి గంట రేటును 100 అనుకుందాం. మీ అసలు అంకె వచ్చాక అదే నిష్పత్తిలో మార్చుకోండి.

గంట రేటు దగ్గరే చాలామంది నష్టపోతారు. అద్దె, కరెంటు, నీళ్లు, షాంపూ, బ్లేడ్ల సాన, మెషీన్ పాడైతే మళ్లీ కొనడానికి పక్కన పెట్టాల్సింది, సహాయకుల జీతం, మీ జీతం, వీటన్నిటినీ నెలకు కూడతారు. అక్కడి వరకు బాగానే ఉంటుంది. తర్వాత దాన్ని షాపు తెరిచి ఉన్న గంటలతో భాగిస్తారు. షాపు రోజుకు ఎనిమిది గంటలు తెరిచి ఉన్నా టేబుల్ మీద కుక్క ఉండేది ఐదు గంటలే. మిగతాదంతా ఫోన్లు, టబ్ కడగడం, బొచ్చు ఊడ్చడం, ఆలస్యంగా వచ్చే ఓనర్ కోసం ఎదురుచూడటం. ఎనిమిదితో భాగించిన రేటుతో ఐదు గంటలకే డబ్బు వసూలు చేస్తే ఖర్చులో మూడో వంతుకు పైగా తిరిగి రాదు. కాబట్టి ఒక రెండు వారాలు ప్రతి కుక్క టేబుల్ ఎక్కిన టైమూ దిగిన టైమూ రాసుకోండి. ఆ గంటలతోనే భాగించండి.

ఆ రాసుకున్న కాగితం రెండో పనికి కూడా వస్తుంది. సైజును బట్టి సమయం పెరుగుతుందని మనం అనుకునేది ఎంతవరకు నిజమో అందులో కనిపిస్తుంది. నా దగ్గర, పద్ధతిగా చూసుకునే కుక్కలకు, బీగిల్ స్నానానికి గోళ్లూ చెవులూ కలిపి 45 నిమిషాలు. లాబ్రడార్‌కు గంటా పావు. షిట్జూకి పూర్తి కటింగ్‌తో గంటన్నర. గోల్డెన్ రిట్రీవర్‌కు స్నానం, కాళ్లూ తోకా సరిచేయడం కలిపి రెండు గంటలు. స్టాండర్డ్ పూడుల్‌కు మూడు గంటల దాకా. ఇందులో షిట్జూని, ల్యాబ్‌ని చూడండి. బరువులో ల్యాబ్ నాలుగైదు రెట్లు ఉంటుంది, అయినా త్వరగా అయిపోతుంది, ఎందుకంటే దానికి కత్తెర పని లేదు. మనం కడిగేది, ఆరబెట్టేది, కత్తిరించేది బొచ్చును. బరువు మనకు ఎత్తేటప్పుడే పని.

ఒకే రకం బొచ్చు ఉన్న రెండు కుక్కల మధ్య మాత్రం సైజు లెక్కలోకి వస్తుంది. అక్కడ కూడా బరువు నాలుగు రెట్లయితే ఒంటి మీది విస్తీర్ణం రెండున్నర రెట్లే పెరుగుతుంది, సమయం కూడా దాదాపు అలాగే పెరుగుతుంది. చిన్న పూడుల్‌కు, పెద్ద పూడుల్‌కు రేటు పెట్టేటప్పుడు ఈ నిష్పత్తి పనికొస్తుంది. పెద్దవాటికి పెరిగే సమయంలో ఎక్కువ భాగం ఆరబెట్టడానికే పోతుంది. ముఖ్యంగా హస్కీ, జర్మన్ షెపర్డ్ లాంటి రెండు పొరల బొచ్చు ఉన్నవాటికి లోపలి పొర తడి వదలదు. పైన చెయ్యి పెడితే పొడిగా అనిపిస్తుంది, బొచ్చును పాయ తీసి చర్మం దగ్గర వేలు పెడితే చల్లగా తగులుతుంది. అంటే ఇంకా ఆరలేదు. ఆ చల్లదనం పోయేదాకా పట్టే సమయం మీ బేస్ రేటులో ఉందో లేదో చూసుకోండి.

అందుకే రేట్ల పట్టికలో నేను సైజు కంటే ముందు బొచ్చు రకం పెడతాను. పొట్టి బొచ్చు, రెండు పొరల బొచ్చు, పట్టులా జారే పొడవు బొచ్చు, ఉంగరాల బొచ్చు. ఒక్కోదానిలో రెండో మూడో సైజులు. అంతకంటే వివరంగా జాతుల జాబితా పెట్టకండి. క్రాస్ కుక్కలు వచ్చినప్పుడు ఆ జాబితాతో తంటా. పూడుల్‌తో కలిపి పెంచిన క్రాస్‌లలో ఒకే ఈతలో పుట్టిన రెండింటికి రెండు రకాల బొచ్చు ఉంటుంది, ఓనర్ చెప్పిన జాతి పేరును బట్టి రేటు చెప్తే ఏదో ఒకదాని దగ్గర దెబ్బ తింటారు.

ఇక మీ అసలు బాధ, జడలు.

జడలు కట్టింది లేనిదీ చూసి చెప్పలేం. ఓనర్లు అబద్ధం చెప్పరు, రోజూ దువ్వుతున్నామని వాళ్లు అనేది నిజమే. కానీ మెత్తటి బ్రష్ పైపైన జారిపోతుంది, కింద చర్మం దగ్గర బొచ్చు అట్టకట్టుకుపోతూ ఉంటుంది. అందుకే కుక్కను తీసుకురాగానే ఐదు నిమిషాలు టేబుల్ మీద నిలబెట్టి, ఓనర్ పక్కన ఉండగానే స్టీలు దువ్వెన తీసుకుని చర్మం దగ్గర మొదలుపెట్టి చివరి వరకు లాగండి. చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో, పట్టీ లేదా హార్నెస్ రాసుకునే చోట, తోక మొదట్లో, కాలివేళ్ల మధ్య. జడలు మొదలయ్యేది ఈ చోట్లే. దువ్వెన సాఫీగా వస్తే బేస్ రేటు. ఎక్కడైనా ఆగితే, ఆగిన చోటనే దువ్వెనను వదిలేసి ఓనర్‌కు చూపించండి. దువ్వెన బొచ్చులో నిలబడిపోయి కనిపిస్తే ఇంకేమీ చెప్పక్కర్లేదు. "చిన్న కుక్కే కదా" అనే మాట అక్కడితో ఆగుతుంది, మీరు వాదించే పని ఉండదు.

చూశాక నేను మూడు రకాలుగా విడదీస్తాను. అక్కడక్కడ రెండు మూడు ఉండలు ఉండి, వాటి చుట్టూ వేలు దూరుతుంటే విడదీస్తాను, ఒక బ్లాకు అదనం. చంకలూ చెవులూ లాంటి కొన్ని చోట్ల గట్టిగా కట్టేసి మిగతా ఒళ్లు బాగుంటే, ఆ చోట్లు మాత్రం మెషీన్‌తో తీసేస్తాను, మిగతాది పొడవు ఉంచుతాను. అది కూడా ఒకటి, మహా అయితే రెండు బ్లాకులు. మూడోది, కాళ్లకూ పొట్టకూ అట్టలాగా ఒకే ముక్కగా పట్టేసి, కింద చర్మం కదలనివ్వకపోతే మొత్తం పొట్టిగా తీసేయడమే. చిక్కు తీసే పని ఏ కుక్క మీదైనా నేను 15 నిమిషాలకు మించి చేయను. ఓనర్ ఎంత డబ్బు ఇస్తానన్నా చేయను. చర్మం లాగి లాగి ఎర్రబడుతుంది, కుక్కకు నొప్పి, ఆ నొప్పి దానికి గుర్తుండిపోతుంది. వచ్చేసారి టేబుల్ చూడగానే పళ్లు చూపిస్తుంది. మీ షిట్జూకి మూడు గంటలు పట్టిందంటే అందులో చాలా భాగం చిక్కు తీయడానికే పోయి ఉంటుందని నా అనుమానం. ఆ సమయానికి రేటు ఎంత అని వెతకడం కంటే ఆ పని ఒప్పుకోకపోవడమే సరైనది.

ఇప్పుడు అలాంటి షిట్జూ ఒకదానికి లెక్క వేద్దాం. బేస్ గంటన్నర, అంటే 150. ఈ 90 నిమిషాల్లో స్నానం, ఆరబెట్టడం 40, కటింగ్ 30, ముఖం, గోళ్లు, చెవులు కలిపి 20 నిమిషాలు. దువ్వెన పెట్టి చూస్తే వీపు మీద పర్వాలేదు, నాలుగు కాళ్లూ, పొట్ట, చెవులు అట్టకట్టాయి. మొత్తం పొట్టిగా తీయాలి. ముందు మెషీన్, తర్వాత స్నానం. ఈ వరుస మార్చకూడదు, అట్టకట్టిన బొచ్చు తడిసి ఆరితే ఇంకా బిగుసుకుంటుంది, లోపల షాంపూ మిగిలిపోతుంది, ఆ పైన బ్లేడ్ దూరడానికి సందే ఉండదు.

వీపు మీద 7ఎఫ్ బ్లేడ్ నడుస్తుంది, అది సుమారు మూడు మిల్లీమీటర్లు వదులుతుంది. కాళ్ల దగ్గర, చంకల్లో ఆ బ్లేడ్ పళ్ల మధ్య ముడతపడ్డ చర్మం చిక్కే ప్రమాదం ఉంది కాబట్టి 10 నంబర్‌కు మారాలి, అది ఒకటిన్నర మిల్లీమీటరే ఉంచుతుంది. బ్లేడ్ చర్మానికీ అట్టకూ మధ్యలో వెళ్లాలి, మరో చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకోవాలి. నాలుగైదు నిమిషాలకోసారి బ్లేడ్ వేడెక్కిందేమో మన ముంజేతికి ఆనించి చూసుకోవాలి, వేడిగా ఉంటే మార్చేయాలి. ఇలా తీయడానికి 50 నిమిషాలు. పొట్టి బొచ్చు త్వరగా ఆరుతుంది కాబట్టి స్నానం, ఆరబెట్టడం 30కి దిగుతుంది. ఆరాక మళ్లీ ఒకసారి మెషీన్ తిప్పి సమం చేయడానికి 20. ముఖం, గోళ్లు, చెవులు 25, ఎందుకంటే కాలివేళ్ల మధ్య కూడా గట్టిగా కట్టి ఉంది. మొత్తం 125 నిమిషాలు, బేస్ కంటే 35 ఎక్కువ.

పూర్తి కాని బ్లాకును నేను లెక్కలోకి తీసుకోను, కాబట్టి రెండు బ్లాకులు, 50. మట్టి పట్టిన, కడగని బొచ్చు బ్లేడ్ పదును ఒక్క కుక్కతోనే తినేస్తుంది, దానికి 10 విడిగా. అంతా కలిపి 210. ఓనర్‌కు ముందు చెప్పేటప్పుడు మాత్రం "150 మామూలుది, దీనికి 200 నుంచి 235 మధ్యలో అవుతుంది, 235 దాటదు" అంటాను. పై హద్దు చెప్పడం చాలా ముఖ్యం. ఎంతవుతుందో తెలియకపోవడమే వాళ్లకు టెన్షన్. చెప్పిన దానికంటే తక్కువ బిల్లు వస్తే సంతోషంగా కడతారు. పని మధ్యలో పై హద్దు దాటేలా కనిపిస్తే మెషీన్ ఆపి ఫోన్ చేస్తాను, వాళ్లు సరే అన్నాకే మళ్లీ మొదలుపెడతాను.

అదే కుక్కకు చిక్కు తీస్తూ కూర్చుంటే మూడు గంటలు, అంటే 300. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చెప్పండి. పొట్టిగా తీయడం డబ్బు గుంజే పని కాదని, కుక్కకూ వాళ్ల జేబుకూ అదే తక్కువ భారమని అర్థమవుతుంది.

పొట్టిగా తీసే ముందు ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. ఆ అట్ట కింద ఏముందో ఎవరికీ తెలియదు. ఎర్రబడిన చర్మం, పుండు, పేలు, గోమారులు, ఒక్కోసారి చర్మంలోకి గుచ్చుకున్న గడ్డి ముల్లు, ఇవి బొచ్చు తీశాకే బయటపడతాయి, 'మీ మెషీన్ వల్లే' అన్న మాట వస్తుంది. చెవుల సంగతి తప్పకుండా చెప్పండి. బరువుగా వేలాడిన జడ ఒక్కసారిగా పోయేసరికి కుక్క తల విదిలించడం మొదలుపెడుతుంది, గట్టిగా విదిలిస్తే చెవి రెక్కలో రక్తం చేరి ఉబ్బుతుంది. అలా ఉబ్బితే డాక్టర్ దగ్గరకు వెళ్లాలని ముందే రాసి ఇవ్వాలి. నేను చెవులు తీసిన కుక్కకు కాసేపు మెత్తటి గుడ్డ పట్టీతో చెవులు తలకు ఆనించి ఉంచుతాను, ఆ కొద్ది నిమిషాలు కూడా నా అంచనాలో ఉంటాయి.

దీని వెంటే మరో అభ్యర్థన వస్తుంది. హస్కీనో పోమరేనియన్‌నో తెచ్చి "మొత్తం గీసేయండి, త్వరగా అయిపోతుంది, రేటు తగ్గించండి" అంటారు. జడలు లేని రెండు పొరల బొచ్చును నేను గీయను. కొన్నిటికి అది మళ్లీ సరిగా రాదు, నెలలు గడిచినా మచ్చలు మచ్చలుగా ఉండిపోతుంది. లోపలి పొరను బ్లోయర్‌తోనూ అండర్‌కోట్ రేక్‌తోనూ తీస్తాను, పట్టిన సమయానికే రేటు. బొచ్చు రాలే కాలంలో అదే హస్కీకి రెండు బ్లాకులు ఎక్కువ పడుతుందని బుకింగ్ అప్పుడే చెప్తాను.

ఇప్పుడు కరిచేవాటి గురించి.

ఇక్కడ రేటు కుక్క మీద వేయకండి, పని మీద వేయండి. 'అల్లరి కుక్క చార్జీ' అని బిల్లులో కనిపిస్తే ఓనర్‌కు తన బిడ్డను తిట్టినట్టు ఉంటుంది. నిజానికి చాలా కుక్కలు మొత్తం పనికి ఎదురు తిరగవు, ఒకటి రెండు చోట్లే. ఒక జర్మన్ షెపర్డ్ వస్తుంది నా దగ్గరకు, స్నానానికి బంగారం లాంటిది, బ్లోయర్ శబ్దానికి చెవి కూడా కదపదు, ముందుకాలి గోరు పట్టుకుంటే మాత్రం చెయ్యి కొరకడానికి వస్తుంది. దానికి బేస్ రెండు గంటలు, 200. అందులో గోళ్లకు లెక్కగట్టింది 10 నిమిషాలు. దీనికి మాత్రం 25 పడుతుంది, ఆ సేపంతా సహాయకుడు తల దగ్గర ఉండాలి. అదనం ఒక బ్లాకు. ఇద్దరు మనుషులు పట్టిన బ్లాకుకు నేను ఒకటిన్నర రెట్లు తీసుకుంటాను, అంటే 37.5, దాన్ని 37 చేస్తాను. బిల్లు మీద 'గోళ్లు, ఇద్దరు, అదనంగా 15 నిమిషాలు' అని రాస్తాను. ఓనర్ ఒకసారి అడిగాడు, గోళ్లు డాక్టర్ దగ్గర తీయిస్తే ఈ మొత్తం ఉండదు కదా అని. ఉండదు, నిజమే. ఇప్పుడు అలాగే చేయిస్తున్నాడు, నాకు బేస్ రేటు కడతాడు, ఆ కుక్కకూ నాకూ పోరాటం తప్పింది. బిల్లు విడమర్చి రాయడం వల్ల జరిగే మంచి ఇది, ఏ పనికి డబ్బు పోతోందో తెలిస్తే ఓనరే దారి వెతుక్కుంటాడు.

మొత్తం మీద శాతం వేసే పద్ధతి కూడా చూస్తుంటాను, కరిచే కుక్కయితే బిల్లుకు సగం అదనం అన్నట్టు. నాకది నచ్చదు. పెద్ద కుక్క గోళ్ల దగ్గర పది నిమిషాలు గోల చేస్తే దాని బిల్లులో సగం పడుతుంది, గంటసేపు గింజుకున్న చిన్న కుక్కకు తక్కువ పడుతుంది. పట్టిన సమయానికీ తీసుకున్న డబ్బుకూ పొంతన ఉండదు, అడిగిన ఓనర్‌కు సమాధానం చెప్పలేం.

ఇంకో సంగతి, ఈ అదనపు చార్జీ ఎవరికి వేయకూడదో కూడా తేల్చుకోండి. నేను ముసలి కుక్కలకు వేయను. కీళ్ల నొప్పితో వెనక కాళ్లు వణుకుతూ నిలబడలేని కుక్క కదులుతుంది, కాలు ఎత్తితే మూలుగుతుంది, అది మొండితనం కాదు. దానికి కత్తిరింపు అందం తగ్గించి పని కుదిస్తాను, లేదా స్నానం ఒకరోజు, కటింగ్ ఇంకోరోజు చేస్తాను, రెండూ కలిపి బేస్ రేటే. కుక్కపిల్లలకు కూడా వేయను. మొదటి రెండు మూడు సార్లు అరగంట లోపే పంపేస్తాను, టేబుల్, బ్లోయర్ శబ్దం, కాలు పట్టుకోవడం అలవాటు చేయడమే ఆ రోజుల్లో పని. ఉంగరాల బొచ్చు పిల్లలకు పుట్టిన ఎనిమిది నెలలు మొదలు ఏడాది లోపు పిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు వస్తుంది, ఆ సమయంలో రెండు రోజులు దువ్వకపోయినా జడలు కడుతుంది. ఆ దశకు వచ్చేలోపే దువ్వెనకు అలవాటు పడ్డ కుక్క వేరు, అప్పుడే మొదటిసారి టేబుల్ ఎక్కిన కుక్క వేరు.

ఇక డబ్బుతో పని లేని హద్దు ఒకటుంది. ఎంత అదనం ఇచ్చినా కొన్ని కుక్కలకు ఆ రోజు పని ఆపేయాలి. ఆయాసం తగ్గకుండా పెరుగుతూ పోవడం, నాలుక గానీ చిగుళ్లు గానీ నీలంగా మారడం, భయంతో మలమూత్రాలు వదిలేయడం, లేదా అప్పటిదాకా గింజుకున్నది ఒక్కసారిగా బిగుసుకుపోయి కళ్లలో తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, ఇందులో ఏది కనిపించినా ఆపుతాను. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల దగ్గర ఇంకా ముందే ఆపాలి, వాటికి ఊపిరి అందడమే కష్టం, మూతికి బిగించే మామూలు మజిల్ పెట్టకూడదు, వేడిగాలి ముఖం మీద అసలు వద్దు. పిల్లి నోరు తెరిచి ఆయాసపడితే వెంటనే వదిలేయాలి, తగ్గకపోతే నేరుగా డాక్టర్ దగ్గరికే. పిల్లుల విషయంలో నేను మొత్తం సమయానికే హద్దు పెట్టుకున్నాను, 45 నిమిషాల్లో కాకపోతే మిగతాది ఇంకో రోజు. పిల్లి చర్మం చాలా పల్చన, జడను కత్తెరతో తీయబోతే చర్మం కూడా కత్తెర మధ్యలోకి వచ్చేస్తుంది, అందుకే మెషీన్ తప్ప ఇంకేదీ వాడను.

ఆపేసినప్పుడు ఎంత తీసుకోవాలి? పట్టిన సమయానికి మాత్రమే. గంట పనిచేసి ఆపితే 100, ఇరవై నిమిషాలకే ఆపితే 33. సగం కత్తిరించిన కుక్కను అలా పంపడం ఇబ్బందే, కానీ ముందే "మధ్యలో ఆపాల్సి రావచ్చు" అని చెప్పి ఉంటే ఓనర్ అర్థం చేసుకుంటారు. తర్వాత వెటర్నరీ డాక్టర్ దగ్గర మత్తు ఇచ్చి చేయించుకోమంటాను. మత్తు మందు, నిద్రమాత్ర లాంటివి మనం ఇవ్వకూడదు, ఓనర్ ఇంట్లో ఉన్న మాత్ర ఏదో వేసి తెచ్చానంటే ఆ కుక్కను నేను టేబుల్ ఎక్కించను. మందు ఎక్కినప్పుడు మెడకు ఉచ్చు కట్టి నిలబెట్టిన కుక్క కాళ్లు జారితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఫోన్‌లో రేటు అడిగినప్పుడు ఒక్క అంకె చెప్పకండి, "ఇంత నుంచి మొదలు" అని కూడా వద్దు. ఆ మొదటి అంకే వాళ్ల మనసులో నిలిచిపోతుంది. నేను నాలుగు అడుగుతాను: బరువు ఎంత, చివరిసారి ఎప్పుడు చేయించారు, ఇంట్లో దేనితో దువ్వుతారు, గోళ్లు తీసేటప్పుడో ఆరబెట్టేటప్పుడో ఎప్పుడైనా కరిచిందా. ఫొటో కూడా పంపమంటాను. అప్పుడు "150 నుంచి 235 మధ్యలో, దువ్వెన పెట్టి చూశాక కచ్చితంగా చెప్తాను" అంటే సరిపోతుంది. రెండో ప్రశ్నకు "గుర్తులేదు" అన్నారంటే నేను రెండు బ్లాకుల ఖాళీ ఉంచుకుని బుక్ చేస్తాను. లేకపోతే ఆ తర్వాత వచ్చే ముగ్గురూ బయట కూర్చుంటారు, ఆ ఆలస్యానికి ఎవరూ డబ్బు ఇవ్వరు.

ప్రతి కుక్కకూ ఒక కార్డు పెట్టండి. ఏ పనికి ఎన్ని నిమిషాలు, ఎక్కడ ఎదురు తిరిగింది, ఏ బ్లేడ్. మూడుసార్లు వచ్చేసరికి ఆ కుక్కకు సొంత రేటు తేలిపోతుంది, ఇక పట్టికతో పని లేదు. పొడవు బొచ్చు, ఉంగరాల బొచ్చు ఉన్నవి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వస్తే ఆ రేటే ఉంచుతాను. పది వారాలు దాటి వస్తే మళ్లీ దువ్వెన పరీక్ష, మళ్లీ కొత్త అంచనా. ఇది మొదటి రోజే కార్డు మీద రాసి ఇస్తాను.

మీ పాత కస్టమర్లకు ఒక్కసారిగా కొత్త రేటు చెప్పకండి. ఇప్పుడు వచ్చే విడత పాత రేటుకే చేయండి, కానీ దువ్వెన పెట్టి చూపించండి, టైము రాయండి, బిల్లు కింద "ఈసారి పట్టింది ఇన్ని నిమిషాలు, వచ్చేసారి నుంచి ఇంత" అని రాసి చేతికివ్వండి. ఆ షిట్జూ ఓనర్‌తో కూడా అలాగే మొదలుపెట్టండి. బొచ్చు పొట్టిగా ఉండగానే ఐదు వారాలకు తర్వాతి డేట్ ఇవ్వండి, స్టీలు దువ్వెన ఏ సైజు కొనాలో, చంకలో ఎలా పెట్టాలో ఆయన చేత అక్కడే ఒకసారి చేయించి పంపండి.